ఎడ్జ్ ఫ్లో: ప్రవాహమా, నడకా, అల్లికా?

మట్టిబొమ్మ: జూనియర్ల కోసం తెలుగులో ఒక పాఠం రికార్డు చేస్తున్నాను. కంప్యూటర్‌లో స్కల్ప్ట్ చేసిన అవ్వ తలను యానిమేషన్‌కి పనికొచ్చేలా మళ్లీ కట్టుకోవడం గురించి. ఆ పనిని రీటోపాలజీ అనే అనేస్తాను, పేచీ లేదు. ‘ఎడ్జ్ ఫ్లో’ దగ్గరే నోరు ఆగుతోంది. ‘అంచుల ప్రవాహం’ అని రికార్డు చేసి విన్నాను, కాలవగట్టు తెగినట్టుంది. మూతి చుట్టూ, కళ్ల చుట్టూ ఆ గీతలు ఎటు నుంచి ఎటు పోతున్నాయో చెప్పే మాట కావాలి. ఏమందాం?

ఇంటివంట: మూతి చుట్టూ గీతలకు రాత్రి పడుకునే ముందు కాస్త కొబ్బరినూనె రాయండి. మా అత్తగారికి బాగా పనిచేసింది.

మట్టిబొమ్మ: అవి ముడతలు కాదండీ, కంప్యూటర్ బొమ్మ మీది గీతలు! అవ్వకు ముడతలు ఉండాల్సిందే, వాటి కోసం వారం రోజులు చెక్కాను.

పాతపలక: అమ్మా, ముందు అసలు మాట తేల్చుకుందాం. టోపోస్ అంటే గ్రీకులో చోటు. కాబట్టి రీటోపాలజీ ‘పునఃస్థలాకృతి’ అవుతుంది. ఎడ్జ్ ఫ్లో ‘ధారారేఖ’. ధార అంటే కత్తి అంచు, నీటి ధార కూడా. రెండర్థాలూ ఒక్క మాటలో ఇమిడిపోయాయి.

ఎముకలపెట్టె: మాస్టారూ, టోపోస్ సంగతి సరే గానీ, స్థలాకృతి అంటే కొండలూ లోయలూ ఉండే పటం. ఈ పనిలో మారకూడనిదే ఆకృతి. అవ్వ ముక్కు, గడ్డం, బుగ్గ ఎక్కడివక్కడే ఉంటాయి. మారేది పైన పరిచే గళ్లు, ఏ బిందువు దేనితో కలుస్తుందన్నది. స్కల్ప్ట్‌లో లక్షల గళ్లుంటాయి, వాటికి ఒక దారీ తెన్నూ ఉండదు. నేను ఎముకలు పెట్టి కదపాలంటే తలకు కొన్ని వేల గళ్లు చాలు, కానీ ప్రతి వరసా కండ పోయే దిక్కునే పోవాలి. ‘ధారారేఖ’ వినడానికి బాగుంది, స్టూడియోలో ఎవరి నోటా రాదు.

మంగళగిరి మగ్గం: మాది నేతపని కుటుంబం. నాలుగు మూలల గళ్లంటే పడుగూ పేకే కదా! ‘పోగుల పోక’ అనండి, సరిపోతుంది.

ఎముకలపెట్టె: మాట బాగుందండీ. కానీ మీ పడుగు మగ్గం ఈ చివర నుంచి ఆ చివరకు తిన్నగా పోతుంది. ముఖం మీద పోగులన్నీ అలా నిలువునా అడ్డంగా పరిస్తే నోరు తెరిచినప్పుడు పెదవి పగిలిన గోడలా మెట్లు మెట్లుగా విడిపోతుంది. మూతి చుట్టూ ఉన్న కండ గుండ్రటిది, సంచి మూతికి తాడు బిగించినట్టు ముడుచుకుంటుంది. కంటి చుట్టూ కండా అంతే. అందుకే అక్కడ వరసలు ఒకదాని చుట్టూ ఒకటి తిరగాలి. పోలిక బట్టతో కంటే బుట్టతో కుదురుతుంది. నడిమి నుంచి బయటికి పోయే ఈనెలు, వాటి చుట్టూ తిరిగే బద్దలు.

మంగళగిరి మగ్గం: అయితే ‘అల్లిక’ అనేయండి.

మట్టిబొమ్మ: అల్లిక నచ్చింది! మరి నా అసలు బాధ కూడా చెప్పేస్తాను. జెడ్‌బ్రష్‌లో సిమెట్రీ పెట్టి, గళ్లను తనంతట తనే మళ్లీ పరిచే ZRemesher నొక్కాను. చూడ్డానికి చక్కగా చుట్లు వచ్చాయి. అవ్వను నవ్విస్తే పెదవి మూలలో చిటికేసి పట్టుకున్నట్టు ముడి పడుతోంది. కన్ను మూయిస్తే రెప్ప ఒక పక్కకు మెలి తిరుగుతోంది.

పాతపలక: పెదవి మూలకు మంచి తెలుగు మాట ఉందమ్మా, సెలవి. కంటి మూల కనుకొలికి. ఇవి కొత్తగా కట్టిన మాటలు కావు, వాడుకో.

ఎముకలపెట్టె: ఇది మాత్రం ఈరోజే దొంగిలిస్తున్నా మాస్టారూ. మా ఫైళ్లలో lip_corner అని రాసి రాసి విసుగొచ్చింది.

మట్టిబొమ్మ గారూ, బ్లెండర్‌లో కంటి చుట్టూ ఒక అంచు మీద Alt పట్టుకుని క్లిక్ చేయండి. ఎంపికైన గీత చుట్టూ తిరిగి బయల్దేరిన చోటికే రావాలి. రాకుండా పక్క వరసలోకి ఎక్కి ఇంకో చుట్టు తిరిగితే అది వలయం కాదు, మరచుట్టు. రెప్ప మెలి తిరిగేది దాని వల్లే కావచ్చు.

మట్టిబొమ్మ: చూశాను. కంటి దగ్గర మూడు చుట్లు తిరిగి కణత దాకా పోయింది! మూతి దగ్గర మాత్రం బుద్ధిగా మూసుకుంది. ఎందుకలా?

ఎముకలపెట్టె: సిమెట్రీ వల్ల. మూతి ముఖం మధ్యగీత మీద ఉంది. కుడి సగంలో గీత పైపెదవి మధ్య బయల్దేరి గడ్డం మధ్య చేరితే, ఎడమ సగం దాని అద్దం బొమ్మే, కాబట్టి వలయం తప్పక మూసుకుంటుంది. కన్ను మధ్యగీతకు ఒక పక్కనే ఉంది, దానికి ఆ రక్షణ లేదు. అద్దం ఆ తప్పునే రెండో కంటికీ పెడుతుంది.

సెలవి దగ్గర చిక్కు వేరు. అక్కడ ఒక బిందువు నుంచి అయిదు గీతలు బయల్దేరుతున్నాయేమో లెక్కపెట్టండి.

మట్టిబొమ్మ: అయిదే. సరిగ్గా సెలవి మీదే.

ఎముకలపెట్టె: రెండు కళ్లకూ మూతికీ వలయాలు పెట్టాక అలాంటి ముడులు ఎక్కడో ఒకచోట రాక తప్పదు. తీసేయలేం, తక్కువ కదిలే చోటికి నెట్టగలం. మూతి వలయాలూ కంటి వలయాలూ ఎదురయ్యే చోట, ముక్కుపుటం పక్క నుంచి బుగ్గ ఎముక మీదకు జరపండి. సెలవి మీద, నవ్వు గీత మీద మాత్రం వద్దు. ముక్కు పక్క నుంచి గడ్డం కిందకు తిరిగే ఒక పూర్తి వలయాన్ని ఆ నవ్వు గీతలోనే పడేలా వేస్తే, నవ్వినప్పుడు బుగ్గ మడత దానంతటదే పడుతుంది.

నేనైతే ఆ ముఖాన్ని చేత్తోనే మళ్లీ వేస్తాను. బిందువులు స్కల్ప్ట్‌కి అంటుకునేలా స్నాప్ పెట్టుకుని మొదట పెదవి లోపలి అంచు. పైన 9 బిందువులు, కింద 9, సెలవులు రెండు, మొత్తం 20. పైనా కిందా లెక్క కలిస్తే నోరు మూసినప్పుడు బిందువుకు ఎదురు బిందువు కూర్చుంటుంది. కంటికి పైన 7, కింద 7, కొలుకులు రెండు, 16. ఆ తర్వాత బయటికి వలయాలు, చివర్న మిగిలిన బుగ్గ. మిగిలిన ఖాళీ చుట్టూ అంచుల లెక్క బేసి వస్తే ఎంత తన్నుకున్నా నాలుగు మూలల గళ్లతో నిండదు. సరి చేసుకునే పూడ్చాలి.

మట్టిబొమ్మ: పెదవులు అతుక్కుని ఉన్నాయండీ స్కల్ప్ట్‌లో. లోపలి అంచు కనపడదే!

ఎముకలపెట్టె: అదే మరి, స్కల్ప్ట్ చేసేవాళ్లు మాకు పెట్టే బాధ. కాస్త విడదీసి మళ్లీ పంపండి. కళ్లు కూడా అంతే. బాగా తెరిచి చెక్కితే పైరెప్ప మడతలోకి దూరిపోతుంది. అక్కడ రెండే వరసలు వేస్తే మూసినప్పుడు అవే సాగి బుడగలా కనిపిస్తాయి. కింది రెప్ప కంటే పైరెప్పే ఎక్కువ దూరం ప్రయాణిస్తుంది కాబట్టి మడతలో మూడు నాలుగు వరసలు దాచిపెట్టాలి. నేను సగం మూసిన కన్నే అడుగుతాను. మా స్టూడియోలో ఒకాయన తెరిచిందే కావాలంటాడు, లేకపోతే చూపులో జీవం తెలియదట. ఆ గొడవ ఏళ్లుగా నడుస్తోంది.

మంగళగిరి మగ్గం: ఒక్క అనుమానం. బుట్ట అల్లేవాళ్లు బద్దను వలయంగా కట్టరు. ఒకే బద్ద తిరుగుతూ పైకి ఎక్కుతుంది. మీరు తప్పంటున్న మరచుట్టే బుట్టకు ప్రాణం. అప్పుడు అల్లిక మాట నిలుస్తుందా?

ఎముకలపెట్టె: పట్టేశారు. గాజులు అనుకుందామంటే వాటికి అడ్డగీతలు ఉండవు.

పాతపలక: అల్లిక మొత్తానికి పేరుగా ఉండనీయండి. ఒక్కొక్క చుట్టును ‘కట్టు’ అనండి. బండి చక్రానికి వేసే ఇనపకట్టు తిరిగి తనలోనే కలుస్తుంది. నా ధారారేఖను వెనక్కి తీసుకుంటున్నాను, స్థలాకృతి సంగతి రేపు మాట్లాడతాను.

మట్టిబొమ్మ: ‘కంటికట్టు’ అంటే గంతలు కట్టారనుకుంటారు మాస్టారూ. ప్రస్తుతానికి ‘చుట్టు వరస’ అని రికార్డు చేశాను. ఎడ్జ్ ఫ్లోకి ఒక చోట ‘గీతల నడక’, ఒక చోట ‘అల్లిక’ అని పడింది, అలాగే ఉంచేశాను. కుడి కన్ను అయింది. Alt క్లిక్ చేస్తే మూసుకుంది. సెలవి ఇంకా సాధిస్తోంది.