మొదటి బిడ్డ ఉన్నాక మగవాళ్ళకి టెస్టు అవసరమా?

బ్రాడీపేట కోడలు: బాబుకి ఐదేళ్ళు. ఏడాదిన్నరగా రెండో బిడ్డ కోసం చూస్తున్నాం. నాకు 32. పీరియడ్స్, థైరాయిడ్, స్కాన్ అన్నీ బాగానే ఉన్నాయి. ఇంట్లో ట్యూబ్స్ టెస్టు చేయించుకోమంటున్నారు. మావారేమో "మొదటివాడు పుట్టాడుగా, నాకెందుకు టెస్టు" అంటున్నారు. ముందు ఎవరు చేయించుకోవాలి?

పటమట రావు: సిజేరియన్ అయ్యుంటుంది. మా చెల్లికి ఆపరేషన్ తర్వాత లోపల అతుకులు పడి ట్యూబులు మూసుకుపోయాయి. ట్యూబులు చూపించుకోండి. ఆయన్ని ఇబ్బంది పెట్టకండి.

ల్యాబ్ శారద: అతుకుల మాట నిజమే రావుగారూ, కానీ అందరికీ అదే కారణం కాదు. ట్యూబ్ టెస్టులో డై ఎక్కిస్తారు, నొప్పి ఉంటుంది. వీర్య పరీక్షకి రెండు నుంచి ఏడు రోజులు దూరంగా ఉండి, శాంపిల్‌ని గంటలోపు ల్యాబ్‌కి చేరిస్తే చాలు. తేలికదాన్ని వెనక్కి నెట్టడం ఎందుకు? ఐదేళ్ళలో మగవాళ్ళకీ షుగర్ రావచ్చు, వృషణాల దగ్గర రక్తనాళాలు ఉబ్బవచ్చు. అమ్మా, మీవారు ఇంజెక్షన్లేమైనా వాడుతున్నారా?

బెజవాడ బాబాయ్: మా పిల్లలకి ఏడేళ్ళ తేడా. టెన్షన్ పడకండి, అదే వస్తుంది.

బ్రాడీపేట కోడలు: నాది నార్మల్ డెలివరీ అండీ. ఆయన రెండేళ్ళ క్రితం జిమ్‌లో చేరారు. కోచ్ చెప్పాడని వారానికో టెస్టోస్టిరాన్ ఇంజెక్షన్ చేయించుకుంటున్నారు. దానికీ దీనికీ సంబంధం ఉందా?

పటమట రావు: అది మగతనం హార్మోనే కదా! ఎక్కువైతే మేలే జరగాలి.

ల్యాబ్ శారద: జరిగేది తలకిందులండీ. వీర్యకణాలు తయారుచేయమని వృషణాలకి మెదడు దగ్గరున్న పిట్యూటరీ గ్రంథి నుంచి కబురు వెళ్ళాలి. బయటి నుంచి హార్మోన్ ఎక్కిస్తే రక్తంలో సరిపడా ఉందని ఆ గ్రంథి కబురు ఆపేస్తుంది. కండ పెరుగుతుంది, కోరికా బాగానే ఉంటుంది. అందుకే ఎవరికీ అనుమానం రాదు. కౌంట్ మిల్లీలీటరుకి 16 మిలియన్లు దాటాలంటారు. ఈ ఇంజెక్షన్లు వాడేవాళ్ళలో కొందరికి సున్నా వస్తుంది.

పటమట రావు: చివరికి మగాడిదే తప్పంటారు! నాకు కౌంట్ తక్కువొస్తే అత్తగారింట్లో పదిమందిలో చెప్పారు. ఆ అవమానం మీకేం తెలుసు? అందుకే ఏ మగాడినీ టెస్టుకి పంపొద్దంటాను.

ల్యాబ్ శారద: అలా చెప్పడం ఘోరం. రిపోర్టు భార్యాభర్తల మధ్యే ఉండాలి. కానీ ఆ భయానికి ఈ అమ్మాయి నొప్పి భరించాలా?

పటమట రావు: మాట బయటికి పోదని ఎవరు హామీ ఇస్తారు?

బ్రాడీపేట కోడలు: ఇదంతా ఆయనకి చదివి వినిపించాను. టెస్టుకి సరే అన్నారు, ఇంజెక్షన్ మాత్రం మాననంటున్నారు. మానేస్తే వెంటనే సర్దుకుంటుందా?

ల్యాబ్ శారద: వెంటనే కాదమ్మా. ఒక విడత కణాలు తయారవడానికే రెండున్నర నెలలు పడుతుంది. చాలామందికి కొన్ని నెలల్లో కోలుకుంటుంది, కొందరికి ఏడాది దాటుతుంది, కొద్దిమందికి పూర్తిగా రాదు. సొంతంగా ఆపితే నీరసం, దిగులు రావచ్చు కాబట్టి యూరాలజిస్టుని కలిసి ఆపాలి. కోచ్ చెప్పిన పేరు నమ్మకండి, మందు సీసానే తీసుకెళ్ళి చూపించండి.