షాడో వర్క్‌లో ఆకు మధ్య బట్ట ముడుచుకుపోతోంది, ఏం చేయాలి?

మా అక్క కూతురి గౌనుకి తెల్ల మల్‌మల్ మీద షాడో వర్క్ చేస్తున్నాను. తిరగవైపు నుంచి దగ్గరదగ్గరగా హెరింగ్‌బోన్ కుట్టు, రెండు పోగుల ముదురాకుపచ్చ దారం. మంచివైపు ఆకు అంచుల్లో సన్నగా బ్యాక్ స్టిచ్ గీతలు, మధ్యలో లేతాకుపచ్చ నీడ. సన్నటి ఆకులు చాలా బాగా వచ్చాయి. లక్నో చికన్‌లో బఖియా అనేది కూడా ఇదే పద్ధతి కదా, అలాంటి మెత్తటి రంగు కోసమే నా తపన.

ఇబ్బందల్లా పెద్ద ఆకుతోనే. మధ్యలో సుమారు సెంటీమీటరున్నర వెడల్పు ఉంటుంది. ఫ్రేములో ఉన్నంతసేపూ బాగానే ఉంది, తీయగానే రెండు అంచులూ దగ్గరికి లాక్కుని మధ్యలో బట్ట పొంగింది. తిప్పి ఇస్త్రీ చేసినా పోలేదు. ఒకటి విప్పి, దారం వదులుగా వదిలి మళ్ళీ కుట్టాను. ఈసారి ముడతలు లేవు కానీ, వెనక దారాలు వేలాడి నీడ చారలు చారలుగా కనిపిస్తోంది.

ఒంపు తిరిగిన చోట బయటి అంచు కుట్లు రెండు మిల్లీమీటర్లు, లోపలి అంచువి కాస్త చిన్నవి వేస్తున్నాను. రెండు వైపులా కుట్ల లెక్క సరిపోతోంది కాబట్టి తప్పు అక్కడ ఉందనుకోను.

ఇంత వెడల్పు ఆకుని నడుమ ఈనె గీసి, రెండు సగాలుగా కుట్టాలా? అలా చేస్తే ఈనె దగ్గర రెండు వరసల బ్యాక్ స్టిచ్ పడి మందంగా కనిపిస్తుందేమోనని భయం. ఒంటి పోగుతో కుడితే లాగుడు తగ్గుతుందా, రంగు మరీ పలచబడుతుందా? చేసి చూసినవాళ్ళు చెప్పండి, ఇంకా నాలుగు పెద్ద ఆకులు మిగిలున్నాయి.