7.5 కావాలంటే మిగిలిన మూడు సెమ్‌లలో ఎంత రావాలి?

మూడోఏడు_మాధవి: బీటెక్ ట్రిపుల్ఈ, మొన్ననే 3-1 రిజల్ట్స్ వచ్చాయి. ఇప్పటిదాకా నా ఎస్‌జీపీఏలు వరుసగా 5.89, 6.50, 6.90, 7.10, 7.41. బయటికి వెళ్లేసరికి సీజీపీఏ 7.5 ఉండాలని మా ఇంట్లో పట్టు. ఐదింటినీ కూడి ఐదుతో భాగిస్తే 6.76 వస్తోంది, పోర్టల్లో మాత్రం 6.79 చూపిస్తోంది. ఈ తేడా ఎక్కడిది? మిగిలిన మూడు సెమ్‌లలో యావరేజ్ ఎంత తెచ్చుకోవాలి?

కడప_కుర్రోడు: చాలా సింపుల్. ఎనిమిది సెమ్‌లు × 7.5 = 60. ఇప్పటికి నీ మొత్తం 33.8. మిగిలింది 26.2, మూడుతో భాగిస్తే 8.73. ఇంక పుస్తకం తియ్. పోర్టల్ సంగతి వదిలెయ్, అది ఎప్పుడూ తప్పులే చూపిస్తుంది.

ఎగ్జామ్‌బ్రాంచ్_పాతకాపు: పోర్టల్ తప్పు కాదు బాబూ, నీ లెక్కే తప్పు. 12 ఏళ్లు ఒక కాలేజీలో మార్కుల మెమోలు తయారుచేశాను, సెమిస్టర్లను సమానంగా కూడే యూనివర్సిటీని ఒక్కదాన్నీ చూడలేదు. క్రెడిట్లతో గుణించాలి. మాధవీ, ఒక్కో సెమ్‌కి క్రెడిట్లెన్నో పెట్టమ్మా.

మూడోఏడు_మాధవి: 18, 20, 21, 21, 22 సార్. ముందున్నవి 22, 20, 16. మొత్తం 160.

ఎగ్జామ్‌బ్రాంచ్_పాతకాపు: ఇక చూడు. ఎస్‌జీపీఏని ఆ సెమ్ క్రెడిట్లతో గుణిస్తే పాయింట్లు వస్తాయి. నీవి 106, 130, 145, 149, 163, మొత్తం 693. చదివిన క్రెడిట్లు 102. 693ని 102తో భాగిస్తే 6.79, అదే నీ పోర్టల్ నంబర్. తక్కువ వచ్చిన మొదటి సెమ్‌కి 18 క్రెడిట్లే కాబట్టి అది నిన్ను కాస్త తక్కువగానే కిందికి లాగింది. 7.5కి మొత్తం 1200 పాయింట్లు కావాలి. 693 తీసేస్తే 507, దాన్ని 58 క్రెడిట్ల మీద పంచాలి. ఎక్సెల్‌లో ఇలా కొట్టు:

```
=(7.5*160-693)/58
```

8.74 వస్తుంది.

కడప_కుర్రోడు: హహ, నేను 8.73 అన్నాను, మీరు 8.74 అంటున్నారు. 12 ఏళ్ల అనుభవానికి 0.01 తేడానా సార్?

ఎగ్జామ్‌బ్రాంచ్_పాతకాపు: నవ్వుకో. ఈ అమ్మాయికి రాబోయే మూడు సెమ్‌లలో 8.41, 8.40, 9.50 వచ్చాయనుకో. నీ పద్ధతిలో యావరేజ్ 8.77, గట్టెక్కినట్టే. పాయింట్లు వేస్తే 185, 168, 152, అంటే 505. కావలసినవి 507. 1198ని 160తో భాగిస్తే 7.4875, మెమోలో 7.49 పడుతుంది. ఆ 9.50 వచ్చింది 16 క్రెడిట్ల సెమ్‌లో, అందుకే దానికి బరువు లేదు.

కడప_కుర్రోడు: 7.49ని 7.5 అని రాసుకుంటే పోలా. యూజీసీయే రౌండ్ చేయమంది.

లెక్కలక్క: యూజీసీ చెప్పింది రెండు దశాంశాలకి రౌండ్ చేయమని. 7.4875ని రౌండ్ చేస్తేనే 7.49 అయింది, దాన్ని మళ్లీ రౌండ్ చేసే హక్కు నీకెవరిచ్చారు తమ్ముడూ? మా చెల్లి ఒక డ్రైవ్ ఫారంలో 6.96ని 7 అని రాసింది. మెమోలు చూసే రోజున ఆఫర్ వెనక్కి తీసుకున్నారు. ఇంట్లో నెల రోజులు ఎవరం ఎవరితో సరిగా మాట్లాడలేదు.

కడప_కుర్రోడు: అది మీ చెల్లి తప్పు, లెక్క తప్పు కాదు.

లెక్కలక్క: రెండు నిమిషాల క్రితం నువ్వు అలాగే రాసుకోమన్నావు. పైకి వెళ్లి చదువుకో.

నాన్న_నిజామాబాద్: మా బాబుకి సీజీపీఏ 6.8 ఉంది. అంటే 68 శాతమే కదా? 9.5తో గుణించాలని మా బంధువు ఒకాయన అంటున్నారు.

ఎగ్జామ్‌బ్రాంచ్_పాతకాపు: 9.5 సీబీఎస్ఈ పదో తరగతికి సీజీపీఏ ఇచ్చిన రోజుల్లోది అండీ, బీటెక్‌కి పనికిరాదు. జేఎన్‌టీయూ హైదరాబాద్ అయితే 0.5 తీసేసి పదితో గుణించండి, 63 శాతం వస్తుంది. కాకినాడ పాత రెగ్యులేషన్లలో అయితే 0.75 తీసేవారు, 60.5. రెగ్యులేషన్ పుస్తకంలో ఒకసారి చూసుకోండి.

నాన్న_నిజామాబాద్: ఒకే 6.8కి రెండు శాతాలా? ఇదెక్కడి న్యాయం?

ఈసెట్_ఇమ్రాన్: మాధవి గారి లెక్క చూసి నేనూ 160 వేసుకున్నాను. టార్గెట్ 8కి ప్రతి సెమ్‌లో పదికి మించి రావాలని వచ్చింది, రాత్రి నిద్ర పట్టలేదు. తెల్లారాక తట్టింది: డిప్లొమా నుంచి నేరుగా రెండో ఏడాదిలో చేరాను, మొదటి ఏడాది 38 క్రెడిట్లు నా ఖాతాలో లేవు. భాగించాల్సింది 122తో.

సప్లీ_సింహం: నా కథ వినండి. 2-1లో ఒక మూడు క్రెడిట్ల సబ్జెక్టు పోయింది. మా దగ్గర ఎఫ్ ఉన్నంతకాలం అది సున్నా పాయింట్లు, క్రెడిట్లు మాత్రం కింద లెక్కలో ఉంటాయి. సప్లీలో బి వచ్చింది, ఒక్క దెబ్బకి 18 పాయింట్లు. ఆ సెమ్ అంతా కష్టపడి గ్రేడ్లు పెంచుకున్నా అన్ని రాలేదు. బ్యాక్‌లాగ్ ఉన్నవాళ్లు ముందు అది చూసుకోండి, యావరేజ్ లెక్కలు తర్వాత.

మూడోఏడు_మాధవి: నాకు బ్యాక్‌లాగ్‌లు లేవు. 8.74 అంటే ప్రతి సబ్జెక్టులో ఏ, ఏ ప్లస్ రావాలి. ఇప్పటిదాకా నా బెస్ట్ 7.41. మా అమ్మ ఇప్పుడు 8 అంటోంది.

లెక్కలక్క: మిగిలిన అన్నింట్లో పదికి పది, ఓ గ్రేడే వచ్చినా 693కి 580 కలిసి 1273. 160తో భాగిస్తే 7.96. 8 అనేది దేవుడు దిగొచ్చినా రాదు, అమ్మకి ఈ కాగితం చూపించు. ఎవరైనా ముందు ఈ ఆఖరి గీత వేసుకోవాలి, తర్వాతే టార్గెట్.

బోస్టన్_బాబాయ్: అమెరికాలో ఎంఎస్‌కి 4 పాయింట్ల స్కేలు. 7.5ని పదితో భాగించి నాలుగుతో గుణించడం తప్పు, అక్కడ ట్రాన్‌స్క్రిప్ట్‌లో సబ్జెక్టు సబ్జెక్టూ చూసి మారుస్తారు.

కడప_కుర్రోడు: ఎంఎస్ గురించి ఎవరడిగారు బాబాయ్?

ప్లేస్‌మెంట్_పద్మ: ఎవరూ అడగని ఇంకో ప్రశ్న నేను అడుగుతాను. మాధవీ, 7.5 ఎప్పటికి కావాలి? మా కాలేజీలో కంపెనీలు 4-1 మొదట్లోనే వస్తాయి, ఫారంలో 3-2 వరకు ఉన్న సీజీపీఏ వేయమంటారు. అప్పటికి నీ చేతిలో ఉన్నది ఒక్క సెమ్, 22 క్రెడిట్లు. కింద 160 కాదు, 124. 7.5కి 930 పాయింట్లు కావాలి. 693 పోతే 237 ఒక్క సెమ్‌లో రావాలి, గరిష్ఠం 220. కుదరదు. 7.0కి 868, అంటే 175 తెస్తే చాలు, ఎస్‌జీపీఏ 7.95. నీకు మొన్న వచ్చినవి 163. ఇంకో 12 కావాలి, మూడు క్రెడిట్ల సబ్జెక్టులు నాలుగింట్లో ఒక్కో గ్రేడ్ పెరిగితే సరిపోతుంది.

మూడోఏడు_మాధవి: అక్కా, ఇది ఎవరూ చెప్పలేదు. 3-2లో మూడు క్రెడిట్ల సబ్జెక్టులు ఐదున్నాయి. పవర్ సిస్టమ్స్‌లో నాకు ఎప్పుడూ బీనే వస్తుంది.

ఎగ్జామ్‌బ్రాంచ్_పాతకాపు: అందరి కాలేజీల్లోనూ 4-1లోనే వస్తాయని లేదు. కొన్ని చోట్ల 3-2 రిజల్ట్స్ రాకముందే మొదలుపెడతారు, అప్పుడు 6.79 తోనే వెళ్లాలి. ముందు మీ ప్లేస్‌మెంట్ సెల్‌లో కనుక్కో.

కడప_కుర్రోడు: ఇంతకీ నేను చెప్పిన 8.73 తప్పని ఎవరూ నిరూపించలేదు.

నాన్న_నిజామాబాద్: మావాడి మెమో మీద 0.5 తీయాలా, 0.75 తీయాలా, ఎవరైనా చెప్పండి. రేపే అప్లికేషన్ ఆఖరు.