అప్‌డేట్: ఇరుకు హాలులో రెండు సెట్ల ప్రశ్నపత్రం

నా ప్రశ్న: "బెంగళూరులోని మా కళాశాల హాలులో విద్యార్థులు పక్కపక్కనే కూర్చుంటారు. ప్రశ్నలను, ఆప్షన్లను తారుమారు చేసి రెండు సెట్లు ఇస్తే ఎవరికీ అన్యాయం జరగకుండా ఎలా చూడాలి?"

మీ సలహాలతో పరీక్ష పూర్తయింది. కఠినమైన ప్రశ్న మొదటే ఎదురైతే ఆ సెట్ వచ్చినవారే బెదిరి సమయం పోగొట్టుకుంటారు కనుక, సులభం, మధ్యస్థం, కఠినం అని మూడు భాగాలు చేసి, ఏ భాగంలోని ప్రశ్నలను ఆ భాగంలోనే మార్చాను. ఒకే పట్టికపై ఆధారపడిన ప్రశ్నలను విడదీయలేదు. 12, 18, 24, 36 వంటి సంఖ్యల ఆప్షన్లను ఆరోహణ క్రమంలోనే, "పైవన్నీ" అనేదాన్ని చివరనే ఉంచాను. "ఎ, సి మాత్రమే" అన్న ఆప్షన్‌కు అక్షరాలు మారితే అర్థమే మారిపోతుంది కాబట్టి ఆ ప్రశ్నను తిరగరాయవలసి వచ్చింది.

అన్నిటికంటే ఉపయోగపడింది దిద్దిన తరువాత చేసిన పరిశీలన. రెండు సెట్ల సగటులు దగ్గరగానే ఉన్నా, ప్రశ్నలవారీగా పోల్చినప్పుడు ఒక ప్రశ్నకు ఎ సెట్‌లో ఎక్కువమందికి మార్కు రాగా, బి సెట్‌లో దాదాపు ఎవరికీ రాలేదు. బి సెట్‌వారిలో అత్యధికులు గుర్తించిన ఆప్షన్ సరైనదే. ఆఫీసులో టైపు చేసిన కీలో మాత్రం ఎ సెట్ అక్షరమే ఉండిపోయింది. కీ సరిచేయించి, బి సెట్ జవాబు పత్రాలన్నిటినీ ఫలితాలకు ముందే మళ్లీ దిద్దించాను.