గ్రూప్ ప్రాజెక్ట్ డెడ్‌లైన్ మిస్ చేశాను, సారీ మెయిల్ అందరికీ ఒకటే పంపాలా?

మేం నలుగురం, సర్వే రిపోర్ట్. అందులో రిజల్ట్స్ సెక్షన్ నాది. నిన్న రాత్రి 11:59కి సబ్మిట్ చేయాలి, గ్రాఫులే కదా అని నేను చివరి రోజుకి వదిలేశా, తీరా చూస్తే 84 రెస్పాన్సుల్లో సగం వాటికి వయసు కాలమ్‌లో అంకెలు, అక్షరాలు కలిసిపోయి ఉన్నాయి, అవి సరిచేసేసరికే టైం అయిపోయింది. వాళ్లు ఫోన్ చేస్తూనే ఉన్నారు, భయమేసి ఎత్తలేదు. లేటవ్వడం కంటే అదే పెద్ద తప్పు అనిపిస్తోంది. పాపం చివరికి నా హెడ్డింగ్ కింద ఖాళీ వదిలి సబ్మిట్ చేశారు.

మెయిల్లో మొదట "అనుకోని కారణాల వల్ల" అని రాసి తీసేశా, అది నిజం కాదు కాబట్టి. ఇప్పుడు ఇలా ఉంది:

"రిజల్ట్స్ సెక్షన్ నేను టైంకి ఇవ్వలేదు, ఫోన్లు కూడా ఎత్తలేదు, సారీ. డేటా సరిచేయడం అయింది, 5 గ్రాఫుల్లో 2 రెడీ. మిగతా 3 రేపు సాయంత్రం 6కి షేర్డ్ ఫైల్లో పెడతాను, పూర్తి కాకపోయినా అప్పటికి ఎంతైతే అంత పెట్టేస్తాను. ఎల్లుండి మధ్యాహ్నం 12కి సార్‌కి పంపుతాను. సార్, లేట్‌గా తీసుకోవడం కుదురుతుందా? మార్కులు తగ్గిస్తే నాకొక్కడికే తగ్గించండి."

నా డౌట్ ఏంటంటే, కన్‌క్లూజన్ రాసే ఫ్రెండ్ నా రిజల్ట్స్ చూశాకే తన పార్ట్ మార్చాలి, అంటే తన టైం అడక్కుండానే నేను సార్‌కి 12 అని మాటిచ్చేస్తున్నట్టే కదా? ముందు ముగ్గురికీ ఫోన్ చేసి సారీ చెప్పి, టైం ఖాయం చేసుకుని అప్పుడు మెయిల్ పెట్టాలా, లేక ఇంకా లేట్ చేయకుండా ఇప్పుడే అందరికీ కలిపి పంపేయాలా? ఇలాంటిది దాటొచ్చినవాళ్లు చెప్పండి ప్లీజ్.