డైరెక్ట్‌గా కనెక్ట్ అవుతోంది, లిస్టులో మాత్రం సర్వర్ లేదు (వాల్‌హైమ్)

వరంగల్_వైకింగ్: ఇంట్లో పాత పీసీలో ఉబుంటు వేసి వాల్‌హైమ్ డెడికేటెడ్ సర్వర్ పెట్టాను. `-port 2456 -public 1`, క్రాస్‌ప్లే లేదు. ఐపీ ఇస్తే ఫ్రెండ్స్ లోపలికి వస్తున్నారు. ఆటలో కమ్యూనిటీ లిస్టులో పేరు వెతికితే ఎవరికీ కనబడట్లేదు. ఎందుకు?

రాత్రిపక్షి: లోపలికి వస్తున్నారంటే పోర్టులు బాగున్నట్టే. ఆ లిస్టు ఎప్పుడూ పూర్తిగా లోడ్ కాదు. తప్పు ఆటదే, వదిలెయ్.

సుబ్బు_లైనక్స్: లిస్టు సరిగా లోడ్ కాదన్న మాట నిజమే. కానీ లోపలికి వచ్చినంత మాత్రాన పోర్టులన్నీ బాగున్నట్టు కాదు. ఆట నడిచేది 2456 మీద. లిస్టు కోసం వచ్చే ప్రశ్నలకు సర్వర్ జవాబిచ్చేది దాని పక్కనున్న 2457 మీద. స్టీమ్ ఇచ్చేది అడ్రసులే. పేరు, ఎంతమంది ఆడుతున్నారు అన్న వివరాలు మన ఆట ఒక్కో సర్వర్‌ను నేరుగా అడిగి తెచ్చుకుంటుంది. జవాబు రాకపోతే లిస్టులో ఆ వరుసే పడదు. వైకింగ్ తమ్ముడూ, రూటర్‌లో 2457 యూడీపీ తెరిచావా?

వరంగల్_వైకింగ్: రూటర్‌లో 2456 నుంచి 2458 దాకా యూడీపీ ఫార్వర్డ్ చేశానన్నా. ఒక వెబ్‌సైట్‌లో చెక్ చేస్తే 2457 క్లోజ్డ్ అంటోంది.

రాత్రిపక్షి: ఇంకేం, మీ ఇంటర్నెట్ కంపెనీవాళ్లే ఆపేస్తున్నారు. నా కనెక్షన్‌కీ ఇలాగే చేశారు. ఎన్నిసార్లు ఫోన్ చేసినా పట్టించుకోలేదు.

సుబ్బు_లైనక్స్: అలాంటి సైట్లు ఎక్కువగా టీసీపీనే చూస్తాయి. వాటి మాట ఇక్కడ పనికిరాదు. సర్వర్‌లో ఇది నడిపించు:

```
sudo tcpdump -ni any udp port 2457
```

మొబైల్ డేటాలో ఉన్న ఫ్రెండ్‌తో స్టీమ్ గేమ్ సర్వర్స్ విండోలో, ఫేవరెట్స్‌లో, నీ పబ్లిక్ ఐపీ పక్కన `:2457` పెట్టించి రిఫ్రెష్ కొట్టించు. నువ్వే ఇంట్లోంచి చూడొద్దు. చాలా రూటర్లు లోపలివాళ్లను బయటి ఐపీ ద్వారా మళ్లీ లోపలికి రానివ్వవు. స్క్రీన్ మీద ఒక్క లైనూ పడకపోతే ప్యాకెట్ పీసీ దాకా రాలేదు, రూటర్‌నో కంపెనీనో చూడాలి. లైన్లు వస్తూ మనవైపు నుంచి జవాబు పోకపోతే తేడా పీసీలోనే ఉంది.

కడప_గేమర్: నాదీ ఇదే! ఒకే పీసీలో రెండు సర్వర్లు, ఒకటి 2456, ఇంకోటి 2457. రెండోది లిస్టులో ఎప్పుడూ సరిగా రాదు.

సుబ్బు_లైనక్స్: అది వేరే సమస్య. మొదటి సర్వర్ లిస్టు జవాబులకు వాడే పోర్టునే మీరు రెండోదాన్ని ఆట కోసం తీసుకోమంటున్నారు. రెండోదానికి `-port 2458` ఇవ్వండి, దాని జవాబు పోర్టు 2459 అవుతుంది. రూటర్‌లో ఆ రెండూ తెరవండి.

వరంగల్_వైకింగ్: అన్నా, రిఫ్రెష్ కొట్టినప్పుడల్లా లైన్లు వస్తున్నాయి. అన్నీ లోపలికే, బయటికి ఒక్కటీ లేదు. `ufw status`లో 2456/udp ఒక్కటే ఉంది.

సుబ్బు_లైనక్స్: దొరికింది. ఫైర్‌వాల్ అడ్డుకోకముందే tcpdump ప్యాకెట్‌ను చూస్తుంది. అందుకే వచ్చినట్టు కనబడింది, సర్వర్‌కు మాత్రం అందలేదు.

```
sudo ufw allow 2457/udp
```

రాత్రిపక్షి: అసలు ఇదంతా దేనికి? `-crossplay` పెడితే జాయిన్ కోడ్ వస్తుంది, పోర్టులే తెరవక్కర్లేదు. ఆడేది నలుగురు ఫ్రెండ్సే కదా.

సుబ్బు_లైనక్స్: అడిగింది లిస్టులో ఎందుకు లేదని. ప్రతి థ్రెడ్‌లో మీరు వచ్చి "అవసరం లేదు" అంటారు. కారణం వెతికేవాణ్ణి వెనక్కి లాగితే ఎవరికీ ఏమీ తెలియదు.

రాత్రిపక్షి: నేను లాగట్లేదు సుబ్బు గారూ, భయపడి చెబుతున్నా. ఇంటి సర్వర్‌ను లిస్టులో పెట్టడమంటే ఇంటి ఐపీని ఊరందరికీ ఇవ్వడమే. పాస్‌వర్డ్ ఆటలోకి రానివ్వదు గానీ ఐపీని దాచదు. నా సర్వర్ లిస్టులో ఉన్నప్పుడు ఎవడో ట్రాఫిక్ కుమ్మరించాడు. సాయంత్రమంతా ఇంట్లో నెట్ లేదు, అక్కకు ఆన్‌లైన్ పరీక్ష ఉంది. మా నాన్న పీసీ పీకేశారు.

సుబ్బు_లైనక్స్: ఇది ముందే చెప్పి ఉండాల్సింది. ఆ భయం నిజమైనదే. అయినా లిస్టు లేకపోతే కొత్తవాళ్లు ఎలా వస్తారు? మా సర్వర్‌లో ఆడేవాళ్లలో ఎక్కువమంది లిస్టులో పేరు చూసి వచ్చినవాళ్లే. తెలుగులో మాట్లాడుకునే సర్వర్ ఉందని వాళ్లకు ఇంకెలా తెలుస్తుంది?

రాత్రిపక్షి: అలా అయితే అద్దె సర్వర్ తీసుకోండి. ఇంటి లైను మీద వద్దు.

సుబ్బు_లైనక్స్: నెలనెలా అద్దె కట్టగలిగితే ఆ పిల్లాడు పాత పీసీ ఎందుకు పెట్టుకుంటాడు?

వరంగల్_వైకింగ్: 2457 తెరిచాక ఫేవరెట్స్‌లో పేరు వచ్చింది. ఆటలో పేరుతో వెతికితే ఇద్దరికి కనబడుతోంది, ఒకడికి ఇంకా లేదు. ఈ రాత్రికి `-public 1` ఉంచుతున్నా. రాత్రిపక్షి అన్నా, ట్రాఫిక్ కుమ్మరించినప్పుడు రూటర్ రీస్టార్ట్ చేస్తే మీ ఐపీ మారిందా?