‘మతతత్వం’, ‘లౌకికం’: ఈ రెండు మాటలు నిజంగా ఎదురెదురు మాటలేనా?

సుజాత:
సభ్యులందరికీ నమస్కారం. డిగ్రీ విద్యార్థుల కోసం ఒక రాజనీతిశాస్త్ర పాఠాన్ని ఇంగ్లీషు నుంచి తెలుగు చేస్తూ ఒక మాట దగ్గర ఆగిపోయాను. మూలంలో ‘కమ్యూనల్’ అన్న మాట చట్టసభల స్థానాలను వర్గాల వారీగా పంచిన 1932 నాటి బ్రిటిషు నిర్ణయం కమ్యూనల్ అవార్డుకూ, కళాశాల సీట్లను పంచిన మద్రాసు ప్రభుత్వపు కమ్యూనల్ జీవోకూ, అల్లర్లకూ ఒకేలా వాడారు. మొదట అన్నిచోట్లా ‘మతతత్వ’ అని రాసుకుంటూ పోయాను గాని, జీవో దగ్గరికి వచ్చేసరికి అది పొసగలేదు, ఎందుకంటే అందులో ఉన్నది చాలావరకు కులాల వాటా. పైగా నా ప్రతిని చూసినవారు ‘మతతత్వం అంటే మతంలోని సారమని పిల్లలు చదువుకుంటే తప్పెవరిది?’ అని అంచున పెన్సిలుతో రాశారు. ‘లౌకిక’ పక్కన కూడా ఒక ప్రశ్నార్థకం పెట్టారు. ఈ జంట మాటలను మీరెలా చూస్తారో చెప్పగలరా?

లక్ష్మీకాంతమ్మ:
‘లౌకికం’ గురించి అడిగారు కాబట్టి నాకు తెలిసింది చెబుతాను. లోకానికి సంబంధించినది లౌకికం, పరలోకానికి సంబంధించినది పారలౌకికం. వేదాధ్యయనం వృత్తిగా ఉన్నవారిని వైదికులనీ, కొలువులూ కరణీకాలూ చేసుకున్నవారిని లౌక్యులనీ మా పెద్దలు అనేవారు. ‘వాడికి బొత్తిగా లౌక్యం తెలియదు’ అన్నప్పుడు నలుగురితో నెగ్గుకు వచ్చే నేర్పు లేదని అర్థం. అందువల్ల మీ పాఠంలో లౌక్యం అని రాస్తే సరిపోతుందేమో చూడండి.

సుజాత:
అమ్మా, లౌక్యం అని రాస్తే మన రాజ్యాంగం మాటకారితనాన్ని ఆదర్శంగా పెట్టుకున్నట్టు అవుతుంది! అయితే మీరు చెప్పిన వైదిక, లౌకిక విభజన నాకు అక్కరకు వచ్చేలా ఉంది.

రామ్మోహన్:
అక్కరకు రావడమే కాదు, చిక్కు అంతా అక్కడే ఉంది. ఒక మతం వారందరికీ భూమి, ఉద్యోగం, పన్ను, పదవి వంటి లోకవ్యవహారాల్లో కూడా ఒకే ప్రయోజనం ఉంటుందని, అది పక్క మతం వారి ప్రయోజనానికి భిన్నమని చెప్పడంతో ‘కమ్యూనల్’ రాజకీయం మొదలవుతుంది. మోక్షం గురించి దానికి పెద్దగా పట్టింపు ఉండదు. అంటే మనం ‘మతతత్వం’ అంటున్నది అడిగేదంతా లక్ష్మీకాంతమ్మగారు చెప్పిన అర్థంలో అచ్చమైన లౌకికమే. అందుకే ఈ రెండు మాటలను ఎదురెదురుగా నిలబెడితే తెలుగులో వాక్యం వంకర పోతుంది.

మద్రాసు జీవో సంగతికి వస్తాను. 1951లో సుప్రీంకోర్టు కొట్టివేసేనాటికి, వైద్య, ఇంజినీరింగు కళాశాలల్లో ప్రతి 14 సీట్లను బ్రాహ్మణేతర హిందువులకు 6, వెనుకబడిన హిందువులకు 2, బ్రాహ్మణులకు 2, హరిజనులకు 2, ఆంగ్లో ఇండియన్లకూ భారతీయ క్రైస్తవులకూ కలిపి 1, ముస్లింలకు 1 చొప్పున పంచేవారు. ఆ జాబితాలో కులమూ మతమూ ఒకే వరుసలో, ఒకే రకం గడుల్లో కూర్చున్నాయి. ‘కమ్యూనల్’ అంటే అక్కడ వర్గాలవారీ అనే తప్ప తిట్టు కాదు. 1932 అవార్డు పేరులో కూడా ఆ మాటకు ఉన్నది ఆ కార్యాలయపు అర్థమే. తర్వాతి కాలంలో ఆ మాట తిట్టుగా మారింది, మన ‘మతతత్వం’ ఆ తిట్టుకు మాత్రమే అనువాదం.

వేణు:
నాకు తెలిసినంతలో దీనంతటికీ మూలం బ్రిటిషువారి 1909 చట్టం చట్టసభల్లో ముస్లింలకు సీట్లు రిజర్వు చేయడం. ఇప్పుడు ఎస్సీ, ఎస్టీ నియోజకవర్గాలు కూడా అదే పద్ధతి కదా? అప్పుడు ఒకటి మతతత్వం, మరొకటి న్యాయం ఎలా అవుతాయి? ఇంకొక మాట: ‘లౌకిక’ అన్నది 1976లో 42వ సవరణతో పీఠికలోకి వచ్చింది, కాబట్టి అంతకుముందు మన రాజ్యం లౌకిక రాజ్యం కాదు.

రామ్మోహన్:
వేణుగారూ, 1909 అన్నది సరైనదే, 1976 కూడా సరైనదే. మీరు వాటి నుంచి రాబట్టిన అర్థాలతోనే నాకు పేచీ. 1909లో ఇచ్చింది ప్రత్యేక నియోజకవర్గం. అక్కడ అభ్యర్థితో పాటు ఓటరు కూడా ఆ మతం వాడే అయి ఉండాలి, ఓటర్ల జాబితాయే వేరుగా ఉండేది. ఇప్పటి రిజర్వుడు నియోజకవర్గంలో అభ్యర్థి ఎవరై ఉండాలన్నదానికే హద్దు, ఓటు మాత్రం ఊరందరిదీ.

లెక్కవేసి చూడండి. ఒక చోట 1000 మంది ఓటర్లు ఉన్నారనీ, అందులో ఒక మతం వారు 700, మరొక మతం వారు 300 అనీ అనుకుందాం. జాబితాలు వేరైతే, ఇద్దరు పోటీ చేస్తున్న చిన్న జాబితాలో గెలవడానికి 151 ఓట్లు చాలు. మిగిలిన 700 మందిని ఎంత నొప్పించినా ఆ అభ్యర్థికి ఒక్క ఓటు కూడా తగ్గదు, వారిని మెప్పించినా ఒక్క ఓటు పెరగదు. సొంతవారిలో తనకన్నా గట్టిగా అరిచేవాడు వస్తాడేమోనన్నదే అతని భయం. ఉమ్మడి జాబితాలో అయితే 501 కావాలి కాబట్టి, పెద్ద సమూహం 380, 320గా చీలినచోట 300 మంది వైపు ఇద్దరు అభ్యర్థులూ నడిచి రాక తప్పదు. 1932లో గాంధీ, అంబేద్కర్ వర్గాల మధ్య పూనా ఒప్పందం జరిగినప్పుడు తేడా సరిగ్గా ఇక్కడే వచ్చింది: అణగారిన వర్గాలకు అవార్డు ఇచ్చిన 71 ప్రత్యేక స్థానాలకు బదులు ఉమ్మడి జాబితాతో 148 రిజర్వుడు స్థానాలు వచ్చాయి. అది మంచి బేరమా కాదా అన్న వాదం ఇప్పటికీ తెగలేదు, నేను కూడా తెంచబోను.

రెండో సంగతి. మతం కారణంగా ఎవరినీ ఓటర్ల జాబితా నుంచి తప్పించరాదనీ, ప్రతి నియోజకవర్గానికీ ఒకే సాధారణ జాబితా ఉండాలనీ 325వ అధికరణం రాజ్యాంగంలో మొదటినుంచీ ఉంది. ఒక మతాన్ని పోషించడానికి పన్ను వసూలు చేయరాదన్న 27వ అధికరణమూ అంతే. అంటే పీఠికలో మాట లేని రోజుల్లో కూడా యంత్రం నడుస్తూనే ఉంది.

నజీర్:
మీరు గడుల మాట ఎత్తారు కాబట్టి నా సొంత అనుభవం చెబుతాను, చర్చకు పనికిరాకపోతే వదిలేయండి. చాలా ఏళ్ల క్రితం ఒక కార్యాలయంలో దరఖాస్తు నింపుతున్నప్పుడు మాతృభాష ఏమిటని గుమస్తా అడిగితే తెలుగు అన్నాను. ఆయన కాగితం మీద నా పేరు మరోసారి చదివి ఉర్దూ అని రాసేశారు. మా ఇంట్లో మూడు తరాలుగా ఉర్దూ చదవగలిగిన మనిషి లేడు. దిద్దమని అడిగితే, ‘ఇదే మీకు లాభం’ అన్నారు. ఆయన మాటలో ద్వేషం లేదు, నా మేలే కోరారు. అయితే నా మేలు ఏమిటో నన్ను అడగకుండానే నా పేరును బట్టి తేల్చేశారు. రామ్మోహన్‌గారు చెప్పిన ‘ఒకే మతం, ఒకే ప్రయోజనం’ అన్నది ఒక్కొక్కసారి ఇంత నెమ్మదిగా కూడా వస్తుంది.

అలాగని మొత్తం నింద జాబితాల మీద వేయడం నాకు ఒప్పుదల కాదు. 1937 ఎన్నికల్లో కూడా ప్రత్యేక నియోజకవర్గాలే ఉన్నాయి కదా, మరి అప్పుడు ముస్లిం లీగుకు ముస్లిం స్థానాల్లో నాలుగో వంతు కూడా రాలేదు.

రామ్మోహన్:
నజీర్‌గారు సరైన చోట పట్టుకున్నారు, నా వాదానికి అదే హద్దు. 1937లో పంజాబులో యూనియనిస్టులు వ్యవసాయదారుల పక్షమని చెప్పి గెలిచారు, బెంగాలులో ఫజ్లుల్ హక్ కృషక్ ప్రజా పార్టీ కౌలు, అప్పుల మాటతో ఓటు అడిగింది. పద్ధతి అదే అయినా ఎన్నిక రైతు చుట్టూ తిరిగింది. 1945 చివరలో కేంద్ర శాసనసభకు జరిగిన ఎన్నికల్లో మొత్తం 30 ముస్లిం స్థానాలూ లీగుకే వెళ్లాయి. జాబితా తలుపు తెరిచి పెడుతుంది, లోపలికి ఎవరు వస్తారన్నది ఆనాటి రాజకీయం మీద ఉంటుంది. ఉమ్మడి జాబితా కూడా రక్షరేకు కాదు. నా లెక్కలోని 700 మందిని చీలనివ్వకుండా ఒక్కటిగా నిలపగలిగినవాడికి ఆ 300 మంది గుమ్మం తొక్కే అవసరమే ఉండదు.

వేణు:
నియోజకవర్గాల తేడా ఒప్పుకుంటున్నాను, నేను రెంటినీ కలిపేశాను. కాని ‘లౌకిక’ బదులు ‘సర్వమత సమభావం’ అని రాస్తే గొడవ వదిలిపోదా?

రామ్మోహన్:
ఆ ప్రయత్నం పార్లమెంటులోనే జరిగింది. 1978లో ‘సెక్యులర్’ అంటే అన్ని మతాలకూ సమాన గౌరవం ఉన్నదని నిర్వచనం పెడితే లోక్‌సభ ఒప్పుకుంది, రాజ్యసభ ఒప్పుకోలేదు. రాజ్యాంగం హిందీ పాఠంలో ‘ధర్మనిరపేక్ష’ కాకుండా ‘పంథనిరపేక్ష’ అని ఉంది. సమభావం అంటే రాజ్యం అన్నిటినీ దగ్గరకు తీయడం, నిరపేక్షం అంటే దేని మీదా ఆధారపడకపోవడం. మన ‘లౌకిక’ ఈ రెంటిలో ఏదీ తేల్చి చెప్పదు. నాకు అది లోపంగా తోస్తుంది, కొందరికి అదే సదుపాయం.

భాషా సమూహం కాబట్టి ఇంకొక సర్వనామం కథ చెబుతాను. మతం ప్రాతిపదికన ఓటు అడగడాన్ని అవినీతి చర్యగా చెప్పే 1951 ప్రజాప్రాతినిధ్య చట్టం 123(3) విభాగంలో ‘హిజ్ రిలిజియన్’ అని ఉంది. ఆ ‘హిజ్’ అభ్యర్థిదా, ఓటరుది కూడానా అన్నదాని మీద ఏడుగురు న్యాయమూర్తులు 2017 జనవరిలో 4-3గా చీలారు. ఓటరు మతం కూడా అందులోకి వస్తుందని ఎక్కువమంది తేల్చారు. మిగతా ముగ్గురికి, ఓటరు మతం కారణంగా పడ్డ బాధను కూడా ఎన్నికల్లో మాట్లాడనివ్వకపోవడం సరికాదనిపించింది.

లక్ష్మీకాంతమ్మ:
తెలుగులో ‘అతని మతం’ అంటే ఒకరు, ‘తన మతం’ అంటే మరొకరు. ఆ చట్టం తెలుగులో పుట్టి ఉంటే రాసినవారు మొదటి రోజే ఏదో ఒకటి తేల్చుకోవలసి వచ్చేది.

సుజాత:
అందరికీ కృతజ్ఞతలు. అవార్డుకూ జీవోకూ ‘వర్గాలవారీ’ అని రాస్తాను. అల్లర్లకు ‘మత కలహాలు’ అన్న వాడుక ఉండనే ఉంది. సిద్ధాంతం చెప్పినచోట ‘మతరాజకీయం’ అని పెట్టి చూశాను, ‘తత్వం’ చిక్కు తప్పింది.

నజీర్:
‘మతరాజకీయం’ అంటే మతం పేరుతో చేసే ప్రతి రాజకీయమూ అందులో పడుతుంది కదా? గుడి ప్రవేశం కోసం పోరాడినవారు కూడా మతం గురించే రాజకీయం చేశారు. వారిని ఏ గడిలో వేస్తారు?

సుజాత:
అది ఆలోచించలేదు. ఆ ఒక్క వాక్యాన్ని ఇంకా ఖాళీగానే ఉంచాను.